స్కాలర్‌షిప్ దరఖాస్తు లేఖ: అవసరాన్నీ ఆశయాన్నీ ఉన్నది ఉన్నట్టు ఎలా రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాలర్‌షిప్ కమిటీకి వచ్చే లేఖలు చదవడం నా పనిలో ఒక భాగం. రాయబోయే విద్యార్థులు అడిగే సందేహాలు ఏటా దాదాపు ఇవే. ఎక్కువ ప్రశ్నలు డబ్బు ఇబ్బంది చెప్పే పేరా గురించే వస్తాయి, ఎందుకంటే లేఖ ఎక్కువగా పాడయ్యేది కూడా అక్కడే. ఉదాహరణల్లో మనుషులూ అంకెలూ కల్పితం. ఆ అంకెలు మీకు ఎక్కువనిపించినా తక్కువనిపించినా పట్టించుకోకండి, లెక్క కట్టిన తీరు చూడండి.

## రాయడానికి ముందు

ఫారంలో ఆదాయం, ఫీజు అన్నీ నింపేశాను. మళ్లీ లేఖ దేనికి?

ఫారం అంకె చెబుతుంది. ఆ అంకెతో ఇల్లు ఎలా నడుస్తోందో చెప్పదు. ఏడాదికి సరిగ్గా ఒకే ఆదాయం ఉన్న రెండు కుటుంబాలను తీసుకోండి. ఒకరిది సొంత ఇల్లు, ఉండేది ముగ్గురు, అప్పు లేదు. ఇంకొకరు అద్దెకుంటారు, తినే నోళ్లు ఆరు, మూడేళ్లుగా ఒక అప్పు నడుస్తోంది. ఫారంలో ఈ రెండు కుటుంబాలూ ఒకే వరుసలో కూర్చుంటాయి. ఆ తేడా చూపించగలిగేది లేఖ ఒక్కటే. ఈ డబ్బు చేతికొస్తే మీ చదువులో సరిగ్గా ఏం మారుతుందన్నది కూడా ఫారంలో ఎక్కడా ఉండదు. ఈ రెండూ వదిలేసి మార్కులు, పుట్టిన తేదీ, కాలేజీ పేరు మళ్లీ ఏకరువు పెడితే చదివేవాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు ఏం చేయాలి?

వాక్యాలు తర్వాత. ముందు ఒక కాగితం మీద లెక్క వేయండి. మీరు కనుక్కోవాల్సింది ఒకే ఒక అంకె: ఏడాది చదువుకు అయ్యే మొత్తం ఖర్చులోంచి ఇప్పటికే సమకూరేవి తీసేస్తే ఎంత తక్కువ పడుతోంది? లేఖలో మీరు అడిగేది ఆ తక్కువ పడిన మొత్తాన్నే.

ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో ఏడాదిలో ఉన్న ఒక అమ్మాయి అనుకుందాం. ట్యూషన్ ఫీజు 60,000. హాస్టల్, భోజనం 48,000. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ల్యాబ్ సామాను 9,000. సెలవులకు ఇంటికి రాకపోకలు 3,000. మొత్తం 1,20,000. చాలామంది ఇక్కడ ట్యూషన్ ఫీజు ఒక్కటే రాసి ఆగిపోతారు. తర్వాత స్కాలర్‌షిప్ వచ్చినా హాస్టల్ దగ్గర ఇరుక్కుంటారు.

ఇప్పుడు ఇల్లు. నాన్న అద్దె కారు నడుపుతారు, నెలకు చేతికొచ్చేది 18,000. అమ్మ బట్టలు కుట్టి 4,000 తెస్తుంది. కలిపి 22,000. అద్దె 6,000, తిండీ కరెంటూ వగైరా 8,500, నాయనమ్మ మందులు 2,000, అప్పు వాయిదా 2,500, తమ్ముడి బడి ఖర్చు 1,000. ఇవి పోగా నెలకు 2,000 మిగులుతుంది. అంటే ఏడాదికి ఇల్లు ఇవ్వగలిగేది 24,000. ఆ అమ్మాయి సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పి నెలకు 1,500 చొప్పున పది నెలలు సంపాదిస్తుంది, అది 15,000. కాలేజీ ఇచ్చిన ఫీజు రాయితీ 30,000. ఈ మూడూ కలిపితే 69,000. తక్కువ పడేది 51,000.

ఈ కాగితం తయారయ్యాక లేఖ సగం రాసినట్టే. అందులోని ప్రతి అంకెకూ ఒక రసీదో, బ్యాంకు కాగితమో, ఫీజు పట్టికో చూపించగలరా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. చూపించలేని అంకె ఉంటే దాని పక్కన 'సుమారు' అని పెట్టండి.

మా ఇంట్లో నెల జీతం అంటూ లేదు. ఒక నెల ఎక్కువ, ఒక నెల సున్నా. ఆదాయం ఎంతని రాయాలి?

మంచి నెల అంకె రాస్తే అవసరం లేనట్టు కనిపిస్తుంది, చెడ్డ నెల అంకె రాస్తే అది అబద్ధమవుతుంది. గడిచిన పన్నెండు నెలల్లో వచ్చిందంతా కూడి ఏడాది మొత్తం రాయండి. తర్వాత ఒక్క వాక్యంలో దాని నడక చెప్పండి: 'ఆదాయం సీజన్‌ను బట్టి వస్తుంది, ఏడాదిలో నాలుగు నెలలు దాదాపు ఏమీ ఉండదు.' పెట్టుబడి పెట్టాల్సిన పనైతే పెట్టుబడి తీసేశాక మిగిలిందే ఆదాయం, చేతులు మారిన మొత్తం కాదు. తేడా పెద్దదైతే రెండు అంకెలూ ఇవ్వండి.

ఇలాంటి ఇళ్లలో అసలు ఇబ్బంది చాలాసార్లు మొత్తంలో ఉండదు, సమయంలో ఉంటుంది. ఫీజు కట్టాల్సిన నెలకు డబ్బు ఇంకా చేతికి రాదు, ఆ మధ్యకాలానికి వడ్డీకి తేవాల్సి వస్తుంది. మీ పరిస్థితి అదే అయితే అదే రాయండి. విడతల తేదీలు మార్చగలిగే సంస్థలకు ఈ ఒక్క సమాచారం చాలా పనికొస్తుంది.

నాకంటే ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఉంటారు కదా. నేను అడగడం తప్పు కాదా?

ఎవరి అవసరం ఎక్కువో తేల్చే పని కమిటీది, మీది కాదు. అర్హత నిబంధనల్లో ఆదాయ పరిమితి ఉంటుంది. మీరు దాని లోపల ఉంటే అడిగే హక్కు ఉంది. కాకపోతే లేఖలో మీ అవసరాన్ని ఇతరులతో పోల్చకండి. 'అందరికంటే నిరుపేద కుటుంబం' అన్న మాట ఎవరూ నిరూపించలేరు. తక్కువ పడేది కొద్ది మొత్తమే అయితే కొద్ది మొత్తమనే చెప్పండి. చిన్న మొత్తాన్ని స్పష్టంగా అడిగినవాళ్లకు మిగిలిన నిధిలోంచి సర్దుబాటు చేయడం కమిటీలకు కష్టమేమీ కాదు.

## డబ్బు అవసరం గురించి రాసేటప్పుడు

మొదటి వాక్యం ఏం రాయాలి?

మీరెవరు, ఏం చదువుతున్నారు, దేనికి ఎంత అడుగుతున్నారు. 'ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే ఏడాది ఖర్చులో తక్కువ పడుతున్న 51,000 కోసం ఈ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేస్తున్నాను.' ఇంతే చాలు. చదువు విలువ మీద సూక్తులు, పెద్దవాళ్ల కొటేషన్లు వద్దు. అలాంటి మొదలు ఉన్న లేఖల్లో చాలామంది కళ్లు నేరుగా రెండో పేరాకు పోతాయి.

కష్టం చెప్పుకోవాలి, కానీ జాలి కోసం దేబిరించినట్టు ఉండకూడదు. ఎలా?

ఒకే ఇంటి గురించి రెండు రకాలుగా రాసిన పేరాలు చూడండి. మొదటిది తరచూ కనిపించే రకం:

'మాది అత్యంత నిరుపేద కుటుంబం. మా నాన్నగారు రెక్కలు ముక్కలు చేసుకుని, కన్నీళ్లు దిగమింగుకుని నన్ను చదివిస్తున్నారు. ఎన్నో రాత్రులు పస్తులతో గడిపాం. మీరు దయతలచి ఆదుకోకపోతే నా జీవితం అంధకారమైపోతుంది. మీ పాదాలకు నమస్కరించి వేడుకుంటున్నాను.'

రెండోది:

'మా నాన్న అద్దె కారు నడుపుతారు, అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇద్దరి సంపాదన కలిపి నెలకు సుమారు 22,000. అద్దె, ఇంటి ఖర్చులు, నాయనమ్మ మందులు, అప్పు వాయిదా, తమ్ముడి చదువు పోగా నా చదువుకు నెలకు 2,000 పక్కన పెడుతున్నారు. నేను సాయంత్రాలు పాఠాలు చెప్పి ఏడాదికి 15,000 సమకూర్చుకుంటున్నాను. కాలేజీ 30,000 రాయితీ ఇచ్చింది. ఇవన్నీ కలిపినా ఏడాది ఖర్చు 1,20,000లో 51,000 తక్కువ పడుతోంది.'

మొదటి పేరా చదివాక ఆ ఇంటి గురించి మనకు తెలిసింది ఏమిటి? నాన్న ఏం పని చేస్తారో తెలియదు, ఎంత కావాలో తెలియదు. పేర్లు మార్చి ఏ దరఖాస్తుకైనా అతికించొచ్చు. రెండో పేరాలో పేదరికం అన్న మాటే లేదు, అయినా పరిస్థితి కళ్లకు కడుతుంది. అంతకంటే ముఖ్యం, అందులో ప్రతి మనిషీ ఏదో ఒకటి చేస్తూ కనిపిస్తాడు. నడుపుతారు, కుడుతుంది, పక్కన పెడుతున్నారు, సమకూర్చుకుంటున్నాను. ఇల్లు తన వంతు మోసింది, మిగిలిన భాగానికే సాయం అడుగుతోంది. లేఖకు గౌరవం వచ్చేది అక్కడే.

మీ చిత్తుప్రతిలో ఒక పరీక్ష చేయండి. 'అత్యంత', 'ఘోరమైన', 'దుర్భరమైన', 'కడు' లాంటి మాటలన్నీ కొట్టేసి మళ్లీ చదవండి. అర్థం ఏమీ తగ్గకపోతే అవి అక్కర్లేదు. అవి తీసేస్తే పేరాలో చెప్పడానికి ఏమీ మిగలకపోతే అక్కడ వాస్తవమే లేదన్నమాట, మాటలు మార్చడం మానేసి లెక్క తెచ్చి పెట్టండి. నిజంగా పస్తులున్న రోజులుంటే అది రాయొద్దని కాదు. ఎప్పుడు, ఎందువల్ల అన్నది ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి.

ఆదాయ ధ్రువీకరణ పత్రంలో అంకె ఎక్కువగా ఉంది. ఇప్పుడు సంపాదన తగ్గింది. ఏం చేయాలి?

ఇది చెప్పకుండా వదిలేస్తే లేఖకూ పత్రానికీ పొంతన కుదరక దరఖాస్తు పక్కకు పోతుంది. పత్రం సాధారణంగా గడిచిన ఏడాది ఆదాయాన్ని చూపిస్తుంది, మీ ఇబ్బంది ఈ ఏడాదిది. అందుకే తేడా ఉందని మీరే ముందుగా చెప్పండి. ఏ అంకె నుంచి ఏ అంకెకు, ఏ నెల నుంచి, ఏ కారణం వల్ల అన్న నాలుగు సంగతులు చాలు.

ఉదాహరణకు, కారు నడిపే తండ్రికి చూపు మందగించి రాత్రి ట్రిప్పులు మానేశారనుకుందాం. ఇలా రాయొచ్చు: 'జతచేసిన పత్రంలో కుటుంబ ఆదాయం 3,36,000 అని ఉంది. అది గత ఏడాదిది, అప్పుడు నాన్న సంపాదన నెలకు 24,000. కంటి సమస్య వల్ల ఈ జనవరి నుంచి రాత్రి ట్రిప్పులు మానేశారు, ఇప్పుడు 18,000 వస్తోంది. ప్రస్తుత లెక్కన ఏడాది ఆదాయం 2,64,000. డాక్టరు చీటీ, గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాను.' ఇందులో 72,000 తేడా ఎక్కడిదో చదివేవాళ్లు వేళ్ల మీద లెక్క కట్టుకోగలరు: నెలకు 6,000, పన్నెండు నెలలు. అమ్మ తెచ్చే 4,000 రెండు మొత్తాల్లోనూ ఉంది. లేఖలోని అంకెలు ఇలా ఒకదాని నుంచి ఒకటి రావాలి.

ఇంట్లో జబ్బులు, గొడవలు, అప్పులు ఉన్నాయి. ఎంతవరకు చెప్పాలి?

డబ్బు లెక్కను మార్చినంత వరకే. అమ్మకు ఆపరేషన్ అయింది, దానికి అప్పు చేశారు, నెలకు ఇంత కడుతున్నారు, ఇంకా ఇన్ని నెలలు ఉంది. ఇది చాలు. ఏ అవయవానికి, ఎలా జరిగింది, ఆ రాత్రి ఇల్లంతా ఎలా ఏడ్చింది అన్నది అనవసరం. నాన్న ఇల్లు వదిలి వెళ్లిపోతే 'ఇంటి ఖర్చు మొత్తం అమ్మ సంపాదన మీదే నడుస్తోంది, నాన్న నుంచి ఏమీ అందడం లేదు' అంటే సరిపోతుంది. ఆయన మీద తీర్పు చెప్పే చోటు ఇది కాదు.

మనవాళ్లు మరిచిపోయే విషయం ఒకటుంది. ఆ జబ్బు మీది కాదు, మీ అమ్మది. లేఖను కమిటీలో నలుగురైదుగురు చదువుతారు, కాపీలు ఫైళ్లలో ఉంటాయి. రాసే ముందు ఆమెను అడగండి. ఆమె వద్దంటే 'కుటుంబంలో ఒకరి వైద్య ఖర్చు' అని రాసి కాగితాలు అడిగినప్పుడు ఇస్తామనండి.

కొంచెం పెంచి రాస్తే ఏమవుతుంది? అందరూ అలాగే రాస్తారుగా.

అందరూ రాయరు. రాసినవాళ్లు దొరికేది కూడా పెద్ద విచారణలో కాదు, చిన్న చిన్న పొంతనల దగ్గరే. లేఖలో 'ఏ ఆధారమూ లేదు' అని ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంటులో ప్రతి నెలా ఒకే తేదీన జమ కనిపిస్తుంది. లేఖలో నలుగురు పిల్లలంటారు, కుటుంబ వివరాల గడిలో ఇద్దరే ఉంటారు. టీచరు ఇచ్చిన సిఫారసు లేఖలో 'తండ్రికి చిన్న వ్యాపారం ఉంది' అని ఉంటుంది, విద్యార్థి కూలి పని అని రాస్తాడు. ఒక్క చోట తేడా కనిపిస్తే చదివే మనిషి మిగతా అంకెలన్నీ అనుమానంగా చూడటం మొదలుపెడతాడు, నిజమైనవి కూడా. మంజూరయ్యాక బయటపడితే మిగిలిన విడతలు ఆపేస్తారు. ఇచ్చింది వెనక్కి కట్టమనే నిబంధన కూడా చాలా ఒప్పంద పత్రాల్లో ఉంటుంది.

తగ్గించి రాయడం కూడా తప్పే. మొహమాటంతో 'ఎలాగో నెట్టుకొస్తున్నాం' అనే పిల్లలున్నారు. ఆ ఎలాగో అప్పు అయితే, అప్పు అని రాయండి.

ఇంకో చోట కూడా స్కాలర్‌షిప్ వస్తోంది. చెబితే ఇది రాదేమో?

చెప్పాలి. ఒకేసారి రెండు తీసుకోకూడదని కొన్ని సంస్థల నిబంధన, ఫీజుకు మించనంత వరకు పర్వాలేదని మరికొన్నింటిది. ప్రకటన చదివితే తెలుస్తుంది. మంజూరైనదాన్ని మీ దగ్గర ఉన్న మొత్తంలో కలపండి. దరఖాస్తు చేసి ఇంకా ఫలితం రానిదాన్ని కలపొద్దు, విడిగా ఒక వాక్యంలో చెప్పండి: 'మరో సంస్థకు 20,000 కోసం దరఖాస్తు చేశాను, ఫలితం రాలేదు. వస్తే మీకు తెలియజేస్తాను.'

## ఆశయం గురించి రాసేటప్పుడు

ఆశయం అంటే ఏం రాయాలి? 'సమాజానికి సేవ చేస్తాను' అంటే సరిపోదా?

ఆ మాటలో తప్పేం లేదు, కానీ అది ఎవరైనా రాయగలరు, ఎవరూ సరిచూడలేరు. చదివేవాళ్లకు కావలసింది మీరు వేయబోయే తర్వాతి అడుగు, ఆ అడుగు వైపు ఇప్పటికే చేసిన ఏదో ఒక చిన్న పని. దూరంగా ఉన్న పెద్ద కోరికకంటే దగ్గరగా ఉన్న చిన్న పనికి నమ్మకం ఎక్కువ పుడుతుంది.

ఎలక్ట్రికల్ డిప్లొమా చదివే విద్యార్థిని ఇలా మొదలుపెట్టిందనుకోండి: 'గొప్ప ఇంజనీరునై దేశానికి వెలుగులు పంచాలన్నది నా కల.' ఇది పక్కన పెట్టి, అసలు ఈ చదువులో నీకు నచ్చిందేమిటని ఎవరైనా కూర్చోబెట్టి అడిగితే బయటికొచ్చే జవాబు ఇలా ఉండొచ్చు:

'మా హాస్టల్లో ఫ్యూజు తరచూ పోతుంటే ల్యాబ్ మాస్టారి అనుమతితో, ఆయన సమక్షంలో, క్లాంప్ మీటరు పెట్టి నెల రోజులు మూడు ఫేజుల్లో కరెంటు రాసుకున్నాను. వంటగది, గీజర్లు అన్నీ ఒకే ఫేజు మీద ఉన్నాయి, మిగతా రెండింటి మీద సగం లోడు కూడా లేదు. ఆ పట్టిక చూపించాక రెండు గీజర్లను వేరే ఫేజుకు మార్చారు. విద్యుత్ పంపిణీలో ఇలాంటి అసమాన లోడు వల్ల ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కి పాడవుతాయని మూడో ఏడాది పుస్తకంలో చదివాను. డిప్లొమా అయ్యాక పంపిణీ వ్యవస్థ నిర్వహణలో ఉద్యోగం చేయాలని, వీలైతే ఆ తర్వాత డిగ్రీలో చేరాలని అనుకుంటున్నాను.'

ఇందులో గొప్పలు లేవు. మార్చింది రెండు గీజర్లే. కానీ ఈ అమ్మాయికి ఈ పని మీద ఇష్టం ఉందని ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. చివరి వాక్యంలో 'వీలైతే' అన్న మాట చూడండి. ఖాయం కాని దాన్ని ఖాయమన్నట్టు రాయకపోవడం కూడా నిజాయితీలో భాగమే. పదేళ్లలో కంపెనీ పెట్టి వేయి మందికి ఉద్యోగాలిస్తానన్న హామీ మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

మీ దగ్గర ఇలాంటి ప్రాజెక్టు లేదా? సిలబస్‌లో లేని పుస్తకం ఒకటి చదివి ఉండొచ్చు, తమ్ముడికి లెక్కలు చెబుతూ ఒక కొత్త పద్ధతి కనిపెట్టి ఉండొచ్చు, షాపులో పని చేస్తూ సరుకు లెక్క రాసే తీరు మార్చి ఉండొచ్చు. చిన్నదైనా చేసిందే రాయండి.

మా నాన్న జబ్బు వల్లే నేను ఈ కోర్సులో చేరానని రాస్తే బాగుంటుందని ఒకరు చెప్పారు. రాయనా?

నిజమైతే రాయండి. కాకపోతే అవసరాన్నీ ఆశయాన్నీ కథలాగా ముడి పెట్టాల్సిన పని లేదు. నాన్నకు కంటి జబ్బు, మీరు చదివేది కామర్స్. రెండింటికీ సంబంధం లేకపోవడం లోపం కాదు. కంటి జబ్బు డబ్బు ఎందుకు తగ్గిందో చెబుతుంది, కామర్స్ మీరేం చేయాలనుకుంటున్నారో చెబుతుంది. వాటిని బలవంతంగా కలిపితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఊడిపోతుంది. 'మరి మెడిసిన్ ఎందుకు చదవలేదు?' అని అడుగుతారు.

రెండు పేరాల మధ్య నిజంగా ఉండే లంకె ఒకటుంది, దాన్ని వాడుకోండి. డబ్బు సమకూరితే మీ సమయం ఎటు వెళ్తుంది? రోజూ సాయంత్రం మూడు గంటలు ట్యూషన్లు చెప్పే విద్యార్థికి వారంలో రెండు రోజులు ల్యాబ్‌కు మిగిలితే ఏం చేయగలదో రాస్తే అవసరం దానంతటదే ఆశయంలోకి వస్తుంది.

ఒక సెమిస్టర్‌లో మార్కులు బాగా తగ్గాయి. చెప్పాలా, వదిలేయాలా?

మార్కుల జాబితా ఎలాగూ వాళ్ల చేతిలో ఉంటుంది. రెండు వాక్యాలు చాలు: ఏం జరిగింది, తర్వాత ఏమైంది. 'మూడో సెమిస్టర్‌లో రాత్రి పనికి వెళ్లడం వల్ల తరగతులు తప్పాయి, రెండు సబ్జెక్టులు పోయాయి. తర్వాతి సెమిస్టర్‌లో రెండూ రాసి పాసయ్యాను.' కారణం లేకపోతే అల్లొద్దు, చదవలేదని ఒప్పుకుని తర్వాతి మార్కులు చూపండి.

'ఈ స్కాలర్‌షిప్ రాకపోతే ఏం చేస్తారు?' అని ఫారంలో అడిగారు. చదువు మానేస్తానని రాయాలా?

మానేయాల్సి వచ్చే పరిస్థితి నిజంగా ఉంటేనే. చాలామంది విషయంలో నిజమైన జవాబు వేరేగా ఉంటుంది: వడ్డీకి అప్పు తెస్తారు, ఒక ఏడాది ఆగి పని చేస్తారు, హాస్టల్ మానేసి రోజూ నాలుగు గంటలు ప్రయాణం చేస్తారు. అదే రాయండి, దానివల్ల పోయేదేమిటో కూడా చెప్పండి. ఈ ప్రశ్నతో వాళ్లు కొలిచేది మీ దుఃఖాన్ని కాదు. మీకు వేరే దారి గురించి ఆలోచన ఉందా అన్నదీ, సగం మొత్తమే ఇస్తే అది వృథా కాకుండా ఉంటుందా అన్నదీ చూస్తారు. 'సగం వచ్చినా హాస్టల్ ఫీజు కట్టేయగలను, మిగతాది చదువు రుణంగా తీసుకుంటాను' అన్నవాళ్లకు సగం ఇవ్వడానికి కమిటీ వెనకాడదు.

## సరిచూసుకుని పంపేటప్పుడు

లేఖ ఎంత పొడవుండాలి? ఆన్‌లైన్ ఫారం తెలుగులో రాస్తే మధ్యలోనే ఆపేస్తోంది.

పరిమితి చెప్పకపోతే ఒక పేజీ. అందులో డబ్బు అవసరానికి మూడో వంతు దాటనివ్వకండి. లెక్క సరిగ్గా ఉంటే అంతకంటే చోటు పట్టదు.

ఫారం ఆపేయడానికి కారణం వేరు. చాలా ఫారాలు పదాలను కాదు, అక్షరాలను లెక్కపెడతాయి. కంప్యూటరు తెలుగు గుణింతాలనూ ఒత్తులనూ విడివిడిగా లెక్కిస్తుంది. 'విద్యార్థి' మన కంటికి మూడు అక్షరాలు, ఫారం లెక్కలో పది. 'స్త్రీ' ఒక్క అక్షరం, ఫారం లెక్కలో ఆరు. అందుకే వెయ్యి అక్షరాల గడిలో తెలుగు అనుకున్నదానికంటే చాలా తక్కువ పడుతుంది. ముందుగా వేరే చోట రాసి, ఆ గడిలో అతికించి, చివరి వాక్యం పూర్తిగా కనిపిస్తోందో లేదో చూడండి. కొన్ని ఫారాలు ఏమీ చెప్పకుండా తోక కత్తిరించేస్తాయి. పీడీఎఫ్ పంపుతున్నట్టయితే ఇంకొకరి ఫోన్లో తెరిచి ఒత్తులు విడిపోలేదని చూసుకోండి.

ఒకే లేఖ నాలుగు సంస్థలకు పంపొచ్చా?

లెక్క పేరా అన్నిటికీ ఒకటే ఉండొచ్చు, ఉండాలి కూడా. మారాల్సింది అడిగే మొత్తం, ఆశయం పేరాలో ఏది ముందు చెబుతారన్నది. ఒకరు ఫీజు మాత్రమే ఇస్తారు, వాళ్లను హాస్టల్ ఖర్చు అడగడం వృథా. ఇక పంపే ముందు ఒక్కసారి వేరే సంస్థ పేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమో వెతకండి. నవ్వకండి, ప్రతి ఏడాదీ వస్తాయి.

ఎవరికి చూపించి దిద్దించుకోవాలి?

ఇద్దరికి. మీ ఇంటి పరిస్థితి తెలిసిన ఒకరికి, అంకెలు సరేనా అని. ఏమీ తెలియని ఒకరికి, చదివాక 'ఎంత కావాలి, ఎందుకు కావాలి' అని వెనక్కి అడగడానికి. రెండో మనిషి రెండింటికీ జవాబు చెప్పలేకపోతే భాష ఎంత బాగున్నా తిరగరాయాలి. దిద్దేవాళ్లు పెద్ద మాటలు పెడితే మీరు మామూలుగా మాట్లాడే మాటకు తిప్పేయండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో కూర్చునేది మీరు.

## పంపిన తర్వాత

దరఖాస్తు పంపాక నాన్నకు వేరే ఉద్యోగం వచ్చింది. చెప్పాలా?

చెప్పాలి, చిన్న మెయిల్ చాలు. దరఖాస్తు నంబరు, పాత ఆదాయం, కొత్త ఆదాయం, ఏ తేదీ నుంచి, ఇప్పుడు తక్కువ పడేది ఎంత. ఆదాయం పెరిగినంత మాత్రాన అవసరం మొత్తం తీరిపోదు, పాత అప్పు ఉంటే అది కూడా రాయండి. తగ్గినప్పుడు కూడా ఇలాగే రాయాలి, పైగా తగ్గినప్పుడు ఆలస్యం చేస్తే నష్టం మీకే.

ఇంటర్వ్యూలో డబ్బు గురించి అడిగితే గొంతు పూడుకుపోతుందేమోనని భయం.

పూడుకుపోతే కాసేపు ఆగి మంచినీళ్లు తాగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మీరు రాసిన లెక్క కాగితం కాపీ ఒకటి చేతిలో ఉంచుకోండి. డబ్బు ప్రశ్నలు చాలావరకు దాని మీదే ఉంటాయి: ఈ 51,000 ఎలా వచ్చింది, హాస్టల్ ఫీజులో భోజనం కలిపే ఉందా, ట్యూషన్ల సంపాదన సెలవుల్లో ఉంటుందా. తెలియనిది అడిగితే 'ఇంట్లో కనుక్కుని రేపు మెయిల్ చేస్తాను' అని చెప్పండి, చెప్పిన రోజున పంపండి.